కొత్త ఉద్యోగి కుటుంబానికి గ్రూప్ పాలసీలో వెయిటింగ్ పీరియడ్ వేవర్: ఎవరు అడగాలి, ఏమని అడగాలి

ప్రశ్న: ఆగస్టు 4న కొత్త కంపెనీలో చేరాను. నా భార్యకు అయిదో నెల, డెలివరీ డిసెంబరు చివర్లో అన్నారు. అమ్మకు ఎనిమిదేళ్లుగా షుగర్, కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించాలి. పాత కంపెనీ గ్రూప్ పాలసీలో ఇద్దరూ మూడేళ్లు ఉన్నారు, జులై 31తో అది ఆగిపోయింది. ఇక్కడ హెచ్‌ఆర్ "కొత్తవాళ్లకు వెయిటింగ్ ఉంటుందండీ" అంటున్నారు. పాలసీ అక్టోబరు 1న రెన్యువల్ అట. దాన్ని మాఫీ చేసే వేవర్ కావాలని ఎవరికి, ఎలా రాయాలి?

జవాబు:

హెచ్‌ఆర్ చెప్పిన వెయిటింగ్ ఏ రకమో ముందు తేల్చుకోండి. ఒకటి, కంపెనీ సొంతంగా పెట్టుకున్న నియమం. ప్రొబేషన్ అయ్యాకో, మూడు నెలలు గడిచాకో కుటుంబాన్ని పాలసీలో చేరుస్తామంటారు. దాన్ని సడలించడం కంపెనీ చేతిలోని పని, బీమా కంపెనీ అనుమతితో దానికి సంబంధం లేదు. రెండోది, పాలసీలోనే రాసి ఉండే వెయిటింగ్. మనిషి సభ్యుడిగా చేరిపోతాడు, కార్డు కూడా వస్తుంది, కానీ ఫలానా జబ్బులకు ఫలానా కాలం వరకు డబ్బు ఇవ్వరు. దీన్ని తీసేయగలిగేది బీమా కంపెనీలో రిస్కు లెక్కగట్టి షరతులు, ప్రీమియం ఖాయం చేసే అండర్‌రైటర్ ఒక్కరే.

కాబట్టి హెచ్‌ఆర్‌కు మెయిల్‌లో రెండు ప్రశ్నలు విడివిడిగా పెట్టండి: "నా భార్యను, అమ్మను ఏ తేదీ నుంచి సభ్యులుగా చేరుస్తున్నారు?" "చేర్చాక వాళ్లకు పాలసీలోని ఏ వెయిటింగ్ క్లాజులు వర్తిస్తాయి?" ఒకే ప్రశ్నగా అడిగితే "అవును, వెయిటింగ్ ఉంది" అనే జవాబే మళ్లీ వస్తుంది. రెండో ప్రశ్నకు జవాబు హెచ్‌ఆర్‌కు నోటికి రాకపోవచ్చు. పాలసీ షెడ్యూల్‌నో, బ్రోకర్ ఇచ్చిన బెనిఫిట్ మాన్యువల్‌నో చూసి చెప్పమనండి. చాలా గ్రూప్ పాలసీల్లో ఈ క్లాజులు ముందే మాఫీ అయి ఉంటాయి, హెచ్‌ఆర్‌లో కొత్తగా వచ్చినవారికి ఆ సంగతి తెలియకపోవచ్చు. అలాంటప్పుడు మీరు వేవర్ అడగనక్కరలేదు, ఆ షెడ్యూల్ పేజీ కాపీ దగ్గర పెట్టుకుంటే చాలు. ఉద్యోగికి, భార్యాపిల్లలకు మాఫీ ఉండి తల్లిదండ్రులకు లేని పాలసీలూ ఉంటాయి కాబట్టి అమ్మ గురించి విడిగా రాయించుకోండి.

షెడ్యూల్ చేతికొచ్చాక నాలుగు చోట్ల చూడాలి. మన దేశంలోని ఆరోగ్య పాలసీల్లో ఈ మినహాయింపులకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒకే రకమైన కోడ్‌లు పెట్టింది కాబట్టి వెతకడం తేలిక. Excl01 అంటే ముందునుంచే ఉన్న జబ్బులు. పాలసీలో చేరడానికి ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించినవి, లేదా చికిత్స జరిగినవి ఇందులోకి వస్తాయి. Excl02 అంటే పేర్లు పెట్టి జాబితాగా ఇచ్చిన జబ్బులు, ఆపరేషన్లు: శుక్లం, హెర్నియా, మొలలు, కిడ్నీలో రాళ్లు, కీళ్ల మార్పిడి వంటివి. Excl03 మొదటి 30 రోజుల వెయిటింగ్, ప్రమాదాలకు ఇది వర్తించదు. నాలుగోది ప్రసూతి. మూల పాలసీలో Excl18 కింద ప్రసూతి ఖర్చు మినహాయించి ఉంటుంది. గ్రూప్ పాలసీలో దాన్ని అదనపు ప్రయోజనంగా చేరుస్తారు, ఆ ప్రయోజనానికి సొంత వెయిటింగ్ ఉంటుంది, మామూలుగా తొమ్మిది నెలలు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. "ప్రీ-ఎగ్జిస్టింగ్ వేవర్ ఇచ్చారు" అని మెయిల్ వస్తే అన్నీ పోయాయనుకుంటారు. మీ అమ్మగారి విషయమే తీసుకోండి. షుగర్ Excl01 కిందికి వస్తుంది. శుక్లానికి డాక్టరు ఆపరేషన్ చెప్పేశారు కాబట్టి అది కూడా ముందునుంచి ఉన్న జబ్బే. కానీ Excl02 జాబితాలోనూ శుక్లం పేరు ఉంటుంది. ఒక జబ్బు రెండింటి కిందికీ వస్తే ఎక్కువ కాలం ఉన్న వెయిటింగ్ వర్తిస్తుందని Excl02 లోనే రాసి ఉంటుంది. అంటే Excl01 ఒక్కటీ మాఫీ చేయించుకుని ఆపరేషన్‌కు వెళితే Excl02 చూపించి క్లెయిమ్ తోసిపుచ్చవచ్చు, అది పాలసీ ప్రకారం సరైన నిర్ణయమే అవుతుంది కూడా. అందుకే అమ్మగారికి 01, 02, 03 మూడూ పేరుపేరునా అడగాలి. మీ భార్యకు ఆ మూడింటితోపాటు ప్రసూతి వెయిటింగ్ కూడా. ఆమె విషయంలో లెక్క స్పష్టం: ఆగస్టు 4 నుంచి తొమ్మిది నెలలంటే మే 4. డిసెంబరు డెలివరీకి వేవర్ లేకుండా పైసా రాదు.

ఇక అడగాల్సింది ఎవరు? గ్రూప్ పాలసీలో పాలసీదారు మీరు కాదు, మీ కంపెనీ. మీరు బీమా కంపెనీ కస్టమర్ కేర్‌కు రాసినా, టీపీఏకు రాసినా "మీ హెచ్‌ఆర్ ద్వారా రండి" అంటారు. టీపీఏ చేసేది క్లెయిములు చూడటం వరకే, షరతులు మార్చే అధికారం దానికి లేదు. విన్నపం మీ నుంచి హెచ్‌ఆర్‌కు, అక్కడి నుంచి బ్రోకర్‌కు, బ్రోకర్ నుంచి అండర్‌రైటర్‌కు వెళ్లాలి. ఒప్పుకుంటే ఎండార్స్‌మెంట్‌గా, అంటే పాలసీలో మార్పును తెలిపే అధికారిక పత్రంగా తిరిగి రావాలి. ఆ ఎండార్స్‌మెంట్ వచ్చేదాకా ఎవరు ఫోన్‌లో "అయిపోయింది" అన్నా అయినట్టు కాదు.

అండర్‌రైటర్ వైపు నుంచి ఒకసారి ఆలోచిస్తే లేఖ ఎలా రాయాలో తెలుస్తుంది. ఒక ఉద్యోగి, ఖాయంగా రాబోయే డెలివరీ, ఖాయంగా జరగబోయే ఆపరేషన్, వీటి కోసం మినహాయింపు అంటే అది ఆయన కంటికి బీమా కాదు, ముందే తెలిసిన ఖర్చు. ఒక్క మనిషి పేరు మీద వచ్చే వేవర్ విన్నపాలు ఎక్కువగా వెనక్కి పోవడానికి కారణం ఇదే. రెండు మార్గాలు ఆయన్ను ఒప్పించగలవు. మొదటిది, ఆ కుటుంబం బీమా లేకుండా కూర్చుని జబ్బు వచ్చాక పరుగెత్తుకు రాలేదని, మూడేళ్లుగా ఏదో ఒక పాలసీలో ఉంటూనే ఉందని చూపడం. రెండోది, మీ ఒక్కరికి కాకుండా ఒక వర్గానికి అడగడం: "ఈ పాలసీ కాలంలో చేరే కొత్త ఉద్యోగులందరికీ, వారి అర్హులైన కుటుంబ సభ్యులందరికీ, చేరిన తేదీ నుంచి." వర్గానికైతే దానికి తగ్గ ప్రీమియం వేసుకునే వీలు ఆయనకు ఉంటుంది. హెచ్‌ఆర్‌కూ ఇదే మేలు, వచ్చే నెల చేరే మనిషి కోసం మళ్లీ లేఖ రాయనక్కరలేదు.

పైగా మీకు సమయం కలిసొచ్చింది. అక్టోబరు 1 రెన్యువల్ అంటే ఆగస్టు, సెప్టెంబరుల్లోనే బ్రోకర్ కొత్త రేట్లు తెప్పిస్తాడు. మధ్యలో షరతు మార్చమంటే అండర్‌రైటర్‌కు అభ్యంతరం ఉండొచ్చు కానీ, రెన్యువల్ కోట్‌లో ఒక లైను చేర్చమనడం మామూలు బేరంలో భాగం. దీనికి రెండో వైపు కూడా ఉంది, అది చాలామందికి తట్టదు. ఇప్పుడు తెచ్చుకున్న ఎండార్స్‌మెంట్ ఈ పాలసీ నంబరుకే చెందుతుంది, సెప్టెంబరు 30 అర్ధరాత్రితో దానితోపాటే ముగుస్తుంది. మీ భార్య డెలివరీ డిసెంబరులో, అంటే కొత్త పాలసీలో. రెన్యువల్ షరతుల్లో ఆ వేవర్ మళ్లీ కనిపించకపోతే, కంపెనీ బీమా సంస్థనే మార్చేస్తే, ఆగస్టులో తెచ్చుకున్న కాగితం డిసెంబరులో పనికిరాదు. శుక్లం ఆపరేషన్ సెప్టెంబరులోనే అయిపోతే దానికి ఇప్పటి ఎండార్స్‌మెంట్ చాలు. డెలివరీకి రెన్యువల్ షరతు కావాలి. లేఖలో రెండూ అడగండి.

కాగితాల విషయానికి వస్తే, పాత కవర్‌ను రుజువు చేసేవి కావాలి. పాత కంపెనీ రిలీవింగ్ లెటర్, మూడేళ్ల ఈ-కార్డులు (ప్రతి ఏడాదీ పాలసీ నంబరు మారుతుంది కాబట్టి మూడూ), భార్య, అమ్మ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు సభ్యులో చెప్పే కవరేజీ లెటర్. ఈ చివరిది పాత హెచ్‌ఆర్ ద్వారా పాత బీమా కంపెనీ గానీ బ్రోకర్ గానీ ఇస్తారు. ఉద్యోగం మానేసి వారాలు గడిచేకొద్దీ పాత ఆఫీసులో మీ మెయిల్‌కు జవాబిచ్చేవాళ్లు తగ్గిపోతారు, అందుకని మొదట కదపాల్సింది దీన్నే. ఆగస్టు 1 నుంచి 3 వరకు మూడు రోజుల ఖాళీ ఉంది. దాన్ని దాచకండి, లేఖలో మీరే రాయండి. రెండు ఉద్యోగాల మధ్య మూడు రోజులు ఎవరూ తప్పుపట్టరు. తేదీలు అతకకపోవడాన్ని వాళ్లు కనిపెట్టినప్పుడే అనుమానం మొదలవుతుంది.

అలాగే జబ్బుల గురించి. అమ్మగారికి షుగర్ ఎప్పటినుంచి, ఏ మందులు, శుక్లం ఎప్పుడు చెప్పారు, మీ భార్యకు ఎన్నో వారం, అన్నీ ఉన్నదున్నట్టు రాయండి. చాలా గ్రూప్ పాలసీల్లో వైద్య వివరాల ఫారం ఉండదు, అందువల్ల "అడగలేదు కదా" అని వదిలేయాలనిపిస్తుంది. వేవర్ అడుగుతున్నప్పుడు మాత్రం వదలకూడదు. ఆసుపత్రిలో చేరిన రోజే కేస్ షీట్‌లో డ్యూటీ డాక్టరు "ఎనిమిదేళ్లుగా షుగర్" అని రాసుకుంటారు, అది డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కుతుంది. మీ లేఖలో లేనిది అక్కడ కనిపిస్తే వేవర్ నిలవదు.

హెచ్‌ఆర్‌కు మీరు పంపే లేఖ ఇలా ఉండొచ్చు. వాళ్లు దీన్నే తమ కవరింగ్ లెటర్‌తో బ్రోకర్‌కు పంపగలిగేలా రాశాను:

"నేను 2025 ఆగస్టు 4న ఉద్యోగంలో చేరాను. నా భార్యను, తల్లిని కంపెనీ గ్రూప్ ఆరోగ్య పాలసీలో అదే తేదీ నుంచి చేర్చవలసిందిగా కోరుతున్నాను. వీరిద్దరూ గత మూడేళ్లు నా పాత సంస్థ గ్రూప్ పాలసీలో సభ్యులుగా ఉన్నారు. ఆ కవర్ జులై 31న ముగిసింది, మధ్యలో మూడు రోజుల ఖాళీ ఉంది. రుజువులు జతచేశాను.

నా తల్లికి ఎనిమిదేళ్లుగా మధుమేహం ఉంది, కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అవసరమని డాక్టరు చెప్పారు. నా భార్య గర్భవతి, ప్రసవం డిసెంబరు చివర్లో ఉంటుందని అంచనా. వైద్య పత్రాలు జతచేశాను.

తల్లికి Excl01, Excl02, Excl03 వెయిటింగ్ కాలాలనూ, భార్యకు వాటితోపాటు ప్రసూతి వెయిటింగ్ కాలాన్నీ పూర్తిగా మాఫీ చేయవలసిందిగా బీమా కంపెనీని కోరగలరు. పూర్తి మాఫీ వీలుకాకపోతే పాత పాలసీలో గడిచిన కాలాన్ని వెయిటింగ్ లెక్కలో కలపవలసిందిగా కోరగలరు. వీలైతే ఈ పాలసీ కాలంలో చేరే కొత్త ఉద్యోగులందరికీ, వారి అర్హులైన కుటుంబ సభ్యులందరికీ, చేరిన తేదీ నుంచి ఇదే మాఫీ అడగగలరు. అక్టోబరు 1 రెన్యువల్ షరతుల్లోనూ ఇదే మాఫీ కొనసాగేలా చూడగలరు. అదనపు ప్రీమియం ఉంటే తెలియజేయగలరు. నిర్ణయాన్ని ఎండార్స్‌మెంట్ రూపంలో ఇప్పించగలరు."

ఇందులో "పాత కాలాన్ని లెక్కలో కలపండి" అనే వాక్యం కావాలనే పెట్టాను. పూర్తి మాఫీకి కాదన్న అండర్‌రైటర్ దీనికి అవునని అనవచ్చు. మీకు దాని ఫలితం దాదాపు ఒకటే. 2024 నిబంధనల ప్రకారం Excl01 గానీ Excl02 గానీ 36 నెలలకు మించి పెట్టకూడదు. మీ వాళ్లు మూడేళ్లు గడిపారు. పాత కాలం కలిపితే రెండూ తీరిపోతాయి, తొమ్మిది నెలల ప్రసూతి వెయిటింగ్ కూడా తీరిపోతుంది, పాత పాలసీలో ప్రసూతి ప్రయోజనం ఉండి ఉంటే. ఆ షరతు గుర్తుంచుకోండి: పాత పాలసీలో లేని ప్రయోజనానికి పాత కాలం కలవదు. కవరేజీ లెటర్‌లో ప్రసూతి ఉన్నట్టు స్పష్టంగా రాయించండి.

తర్వాతి మెట్టు ప్రీమియం. కంపెనీ బీమా సంస్థ దగ్గర ముందుగా జమచేసి ఉంచే ఖాతాను సీడీ ఖాతా అంటారు. కొత్త సభ్యులను చేర్చినప్పుడల్లా మిగిలిన రోజులకు ప్రీమియం అందులోంచి కోసుకుంటారు. బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందకుండా కవర్ మొదలు కాకూడదు. సీడీ ఖాతాలో డబ్బు తక్కువైతే మీ వాళ్ల చేరిక తేదీ ఆగస్టు 4 కాకుండా డబ్బు జమైన రోజుకు జరిగిపోవచ్చు. వేవర్ మంజూరైనా చేరిక తేదీకి ముందు జరిగిన చికిత్సకు డబ్బు రాదు. "సీడీలో బ్యాలెన్స్ ఉందా?" అని హెచ్‌ఆర్‌ను అడగడానికి మొహమాటపడకండి. కొత్త ఉద్యోగి కుటుంబాన్ని చేర్చడానికి గడువు కూడా ఉంటుంది, చాలా పాలసీల్లో చేరిన రోజు నుంచి 30 రోజులు. అది దాటితే చేర్చడమే రెన్యువల్‌కు వాయిదా పడుతుంది. వేవర్ మాట తేలేవరకు పేర్లు ఇవ్వకుండా ఆగడం పెద్ద పొరపాటు. పేర్లు ఈరోజే ఇచ్చేయండి, వేవర్ విన్నపం సమాంతరంగా నడుస్తుంది.

ఎండార్స్‌మెంట్ వచ్చాక తప్పకుండా తెరిచి చదవండి. హెచ్‌ఆర్ బ్రోకర్‌కు పంపే ఎక్సెల్ షీట్‌లో పేరు, బంధుత్వం, పుట్టిన తేదీ, చేరిన తేదీ, బీమా మొత్తం ఉంటాయి. వేవర్ కోసం కాలమ్ సాధారణంగా ఉండదు. ఆ షీట్ ఆధారంగా వచ్చేది సభ్యుల చేరిక ఎండార్స్‌మెంట్, అది ప్రతి నెలా యాంత్రికంగా వస్తుంది. షరతు మార్చే ఎండార్స్‌మెంట్ వేరు. మొదటిది చూసి రెండోది వచ్చిందనుకోవడం హెచ్‌ఆర్‌లకు కూడా మామూలే. మీరు చూడాల్సినవి: పాలసీ నంబరు, మాఫీ అయిన క్లాజులు కోడ్‌లతో లేదా పూర్తి పేర్లతో, ఎవరికి వర్తిస్తుంది, ఏ తేదీ నుంచి. "కుటుంబం" అని మాత్రమే రాసి ఉంటే పాలసీలో కుటుంబం నిర్వచనం చూడండి. కొన్నిచోట్ల అందులో భార్య, పిల్లలే ఉంటారు, తల్లిదండ్రులు వేరే పాలసీ నంబరు కింద ఉంటారు. అలాగైతే అమ్మగారికి ఆ నంబరు మీద ఇంకో ఎండార్స్‌మెంట్ కావాలి.

కాగితం సరిగా ఉన్నా టీపీఏ కంప్యూటర్‌లోకి ఎక్కకపోవచ్చు. క్యాష్‌లెస్ విన్నపం వచ్చినప్పుడు అక్కడి డాక్టరు చూసేది తెర మీద కనిపించే షరతులనే. సభ్యుల నంబర్లు ఇచ్చి "వీరికి ఈ క్లాజులు మీ రికార్డులో మాఫీగా కనిపిస్తున్నాయా?" అని టీపీఏకు ముందే మెయిల్ పెట్టించండి, జవాబు భద్రపరచండి. ఈ-కార్డు దీనికి రుజువు కాదు, సభ్యత్వాన్ని మాత్రమే చెబుతుంది. శుక్లం ఆపరేషన్ ముందే అనుకున్నది కాబట్టి, క్యాష్‌లెస్‌కు ముందుగా అనుమతి అడిగే ప్రీ-ఆథరైజేషన్ ఫారంతోపాటే ఎండార్స్‌మెంట్ కాపీ కూడా ఆసుపత్రి బీమా డెస్క్‌లో ఇచ్చి పంపించండి.

మంజూరైనప్పుడు కూడా కొన్ని హద్దులు ఉంటాయి. వెయిటింగ్ పోయినంత మాత్రాన సబ్‌లిమిట్లు పోవు. శుక్లానికి ఒక్కో కంటికి ఇంత అని, ప్రసూతికి మామూలు కాన్పుకు ఇంత, సిజేరియన్‌కు ఇంత అని పరిమితి ఉంటుంది. తల్లిదండ్రుల క్లెయిముల్లో కో-పే ఉండొచ్చు, అంటే బిల్లులో కొంత శాతం మీరే కట్టాలి. అండర్‌రైటర్ ఒక్కోసారి "వేవర్ ఇస్తాను కానీ కో-పే పెంచుతాను" అంటారు. మీ అమ్మగారి పరిస్థితిలో దానికి ఒప్పుకోవడమే మంచిదని నా అభిప్రాయం. బిల్లులో ఎక్కువ భాగమైనా వస్తుంది. పుట్టే బిడ్డ విషయంలో, మొదటి రోజు నుంచి కవర్ ఉందా, పేరు చేర్చడానికి గడువెంత అన్నది ఇప్పుడే అడిగి ఉంచండి.

కాదన్నారనుకోండి. హెచ్‌ఆర్ "మనకు కార్పొరేట్ బఫర్ ఉంది, అందులోంచి చూద్దాం" అనొచ్చు. దాని మీద ఆశ పెట్టుకోకండి. బఫర్ బీమా మొత్తం అయిపోయినప్పుడు అదనంగా ఇచ్చేది. పాలసీలో మినహాయించిన జబ్బుకు మామూలుగా బఫర్‌లోంచి కూడా రాదు. నిజంగా పనికొచ్చేవి రెండు. కంపెనీయే తన డబ్బుతో కొంత భరించడం ఒకటి, అది హెచ్‌ఆర్ పెద్దలతో మాట్లాడుకునే విషయం. రెండోది, పాత బీమా కంపెనీలోనే వ్యక్తిగత పాలసీకి మారడం. గ్రూప్ నుంచి బయటికొచ్చినవారికి ఆ దారి ఉంటుంది, గడిపిన కాలం లెక్కలోకి వస్తుంది, అయితే అక్కడ కూడా అండర్‌రైటింగ్ ఉంటుంది, ప్రీమియం మీరే కట్టాలి. దీనికి కూడా గడువు ఉంటుంది, అది జులై 31 నుంచే నడుస్తోంది. అందుకని కొత్త కంపెనీ జవాబు కోసం ఆగకుండా ఈ వారమే పాత హెచ్‌ఆర్‌ను, ఆ బీమా కంపెనీని రాతపూర్వకంగా అడగండి. వ్యక్తిగత పాలసీల్లో ప్రసూతి ప్రయోజనం తరచూ ఉండదు కాబట్టి ఈ దారి అమ్మగారికి ఎక్కువ ఉపయోగం, డెలివరీకి తక్కువ.

కంటి డాక్టరును అడిగి ఆపరేషన్ కొన్ని వారాలు ఆగగలదేమో కనుక్కోండి. ఆగగలిగితే, కోడ్‌లు, పేర్లు, తేదీలు అన్నీ సరిగా ఉన్న ఎండార్స్‌మెంట్ చేతికొచ్చాకే తేదీ ఖాయం చేయండి. రెన్యువల్ కోట్ బ్రోకర్ నుంచి వచ్చిన రోజున, సంతకం పెట్టకముందే, ప్రసూతి వెయిటింగ్ మాఫీ లైను అందులో ఉందో లేదో హెచ్‌ఆర్‌ను చూపించమనండి.